వాగులో పురుగులు నీటి నాణ్యత గురించి ఏం చెబుతాయి? కొన్ని అపోహలు, వాస్తవాలు

వాగుల్లో పెరిగే కీటకాల పిల్లలతో, అంటే లార్వాలతో, నీటి నాణ్యతను అంచనా వేసే ప్రాజెక్టులు కాలేజీల్లో చాలామంది చేస్తున్నారు. వల, తెల్ల ట్రే, భూతద్దం ఉంటే పని మొదలుపెట్టొచ్చు. అయితే పురుగులు సరిగ్గా పట్టి కూడా తప్పు తీర్పు రాసిన రిపోర్టులు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. వాటిలో ఎక్కువగా కనిపించే అపోహలు ఇవి.

అపోహ: నీళ్ళలో పురుగులుంటే ఆ నీరు చెడ్డది.

ఏ పురుగన్నదే అసలు ప్రశ్న. మేఫ్లై, స్టోన్‌ఫ్లై అనే కీటకాల పిల్లలు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌నే పీల్చుకుంటాయి. మురుగు కలిసినప్పుడు దాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది. దాంతో ముందుగా కనబడకుండా పోయేవి ఇవే. దోమ పిల్ల అలా కాదు. నీటి పైకి వచ్చి తోక దగ్గరున్న గొట్టంతో గాలి పీలుస్తుంది కాబట్టి నీళ్ళలో ఆక్సిజన్ లేకపోయినా కాలవలో బతికేస్తుంది.

అపోహ: ఎర్ర పురుగు కనిపిస్తే అది మురుగు నీరే.

ఆ ఎర్ర పురుగులు కైరోనమిడే కుటుంబానివి. వాటి ఒంట్లో హీమోగ్లోబిన్ ఉంటుంది. అదే ఆ ఎరుపు. ఆక్సిజన్ బాగా తక్కువున్న బురదలో కూడా బతకడానికి అది సాయపడుతుంది. కానీ శుభ్రమైన కొండవాగులో కూడా ఈ కుటుంబం పురుగులు కొన్ని ఉంటాయి. ట్రేలో సగానికి సగం అవే ఉండి, మేఫ్లైలు ఒక్కటీ లేకపోతే అనుమానించాలి. ఒక్క పురుగును చూసి తీర్పు చెప్పకూడదు.

అపోహ: మేఫ్లై దొరికితే పదికి పది మార్కులే.

నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ లెక్కలు తప్పేది ఇక్కడే. బ్రిటన్‌లో 1970లలో తయారైన బయలాజికల్ మానిటరింగ్ వర్కింగ్ పార్టీ, అంటే బీఎండబ్ల్యూపీ, పద్ధతిలో ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 వరకు స్కోరు ఉంటుంది. కాలుష్యాన్ని ఎంత తట్టుకోలేకపోతే అంత ఎక్కువ స్కోరు. మేఫ్లైలలో హెప్టాజెనిడే, లెప్టోఫ్లెబిడే కుటుంబాలకు 10, కీనిడేకి 7. బేటిడేకి మాత్రం 4 మార్కులే, ఎందుకంటే అది కొంత మురుగును తట్టుకుంటుంది. హెప్టాజెనిడే పిల్ల చదునుగా ఉండి రాయికి అతుక్కుపోతుంది, దాని కళ్ళు తల పైభాగాన ఉంటాయి. బేటిడే పిల్ల ఒళ్ళు గుండ్రంగా, సన్నగా ఉంటుంది. ట్రేలో వేయగానే చిన్న చేపలా ఈదుతుంది.

రెండు తోకలుంటే స్టోన్‌ఫ్లై అని రాసేయడం ఇంకో పొరపాటు. రెండు తోకలున్న మేఫ్లైలు కూడా ఉన్నాయి. భూతద్దం కింద కాలి చివర చూడండి. ఒకే గోరుంటే మేఫ్లై, రెండుంటే స్టోన్‌ఫ్లై. పొట్ట పక్కన ఆకుల్లాంటి మొప్పలు వరసగా ఉన్నా అది మేఫ్లైయే.

అపోహ: మొత్తం స్కోరు ఎంత ఎక్కువైతే నీరు అంత శుభ్రం.

దీన్ని ఒక లెక్కతో చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి, కుటుంబాల స్కోర్లు మాత్రం బీఎండబ్ల్యూపీ పట్టికలోవే. మన్యంలో ఒక గెడ్డ ఊరికి పైన, ఊరికి కింద రెండు చోట్ల చూశామనుకోండి.

ఊరికి పైన 8 కుటుంబాలు దొరికాయి. హెప్టాజెనిడే 10, లెప్టోఫ్లెబిడే 10, స్టోన్‌ఫ్లైలలో పెర్లిడే 10, తూనీగ పిల్లల్లో గాంఫిడే 8, గూడును మోసుకు తిరగకుండా వల అల్లుకునే క్యాడిస్‌ఫ్లై హైడ్రోసైకిడే 5, ఎల్మిడే పెంకు పురుగులు 5, బేటిడే 4, కైరోనమిడే 2. మొత్తం 54.

ఊరికి కింద, గట్టున గడ్డి, నాచు పెరిగిన చోట 12 కుటుంబాలు దొరికాయి. లిబెల్యులిడే తూనీగలు 8, కీనిడే 7, సన్న తూనీగల్లో సీనాగ్రియోనిడే 6, హైడ్రోసైకిడే 5, నల్ల ఈగ పిల్లలు 5, నీటి మీద పరుగెత్తే జెరిడే 5, డైటిసిడే పెంకు పురుగులు 5, బేటిడే 4, రెండు రకాల నత్తలు 3 చొప్పున 6, కైరోనమిడే 2, వానపాముల జాతి సన్న పురుగులు 1. ఇక్కడా మొత్తం 54!

మొత్తం మాత్రమే చూస్తే రెండు చోట్లా నీరు ఒకటే అని రాసేస్తాం. సగటు తీస్తే తేడా బయటపడుతుంది. పైన 54ని 8తో భాగిస్తే 6.75, కింద 54ని 12తో భాగిస్తే 4.5. పై చోట 10 స్కోరున్న కుటుంబాలు మూడున్నాయి, కింద ఒక్కటీ లేదు. పైగా కింద దొరికిన జెరిడే, డైటిసిడే పైనుంచి గాలి పీల్చేవి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినా వాటికి పెద్ద ఇబ్బంది లేదు, అయినా మొత్తానికి 10 మార్కులు కలిపాయి. ఎక్కువసేపు వెతికితే, గడ్డీ గట్టూ కలిపి వెతికితే కుటుంబాల సంఖ్య పెరుగుతుంది, దాంతో మొత్తమూ పెరుగుతుంది. సగటు మీద ఆ ప్రభావం తక్కువ. పై చోట పెర్లిడే మన కంట పడలేదనుకున్నా మొత్తం 44కి పడిపోతుంది, సగటు మాత్రం 6.29 దగ్గరే ఉంటుంది. అందుకే రిపోర్టులో సగటుతో పాటు కుటుంబాల సంఖ్య కూడా రాయమంటాను.

ఇంకో జాగ్రత్త. అమెరికాలో వాడే హిల్సెన్‌హాఫ్ సూచికలో దిశ తిరగబడుతుంది. అక్కడ 0 అంటే చాలా శుభ్రం, 10 అంటే చాలా మురికి. అందులో ఒక్కో కుటుంబం పురుగులు ఎన్నో కూడా లెక్కలోకి వస్తాయి. రెండు పట్టికలను ఒకే రిపోర్టులో కలిపేస్తే ఏ అంకెకీ అర్థం ఉండదు.

అపోహ: వాగులో ఎక్కడ వల పెట్టినా ఒకటే.

మడుగులో వల పెట్టి, హెప్టాజెనిడే లేదు కాబట్టి కాలుష్యం ఉందంటే ఆ మాట నిలవదు. రాళ్ళ మీదుగా నీళ్ళు గలగలా పారే చోటే వాటి నివాసం. పైనా కిందా ఒకే రకం చోటు, ఒకే లోతు, ఒకే వేగం చూసుకోండి. వలను ప్రవాహానికి అడ్డంగా నిలబెట్టి, దాని ఎగువన రాళ్ళను కాలితో కదపండి. మొత్తం 3 నిమిషాలు, ఆపైన రాళ్ళను చేత్తో తిప్పి చూడడానికి 1 నిమిషం. రెండు చోట్లా గడియారం పెట్టుకుని అంతే సమయం ఇవ్వండి. ముందు దిగువ చోటు ముగించి ఆ తర్వాత ఎగువకు వెళ్ళండి. లేకపోతే పైన మీరు కదిపిన పురుగులు, బురద కొట్టుకొచ్చి కింది వలలో పడతాయి.

పెద్ద వాన పడ్డాక వెంటనే వెళ్తే వరద లార్వాలను ఊడ్చుకుపోయి ఉంటుంది, స్కోరు పడిపోతుంది. అది కాలుష్యం కాదు. మన దగ్గర వానలు తగ్గి వాగు నిలకడపడ్డాక, చలికాలంలో చేస్తే ఫలితాలు పోల్చుకోవడానికి పనికొస్తాయి.

అపోహ: బ్రిటన్ పట్టిక మన వాగులకూ యథాతథంగా సరిపోతుంది.

దక్షిణ భారతంలో స్టోన్‌ఫ్లై రకాలే తక్కువ, దొరికేవి ఎక్కువగా పెర్లిడే. మన శుభ్రమైన వాగు కూడా అక్కడి వాగు తెచ్చుకునే మార్కులు తెచ్చుకోకపోవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ పద్ధతిని మన దేశానికి తగ్గట్టు మార్చి, వైవిధ్యం స్కోరును కూడా జోడించి, నీటిని A నుంచి E వరకు ఐదు తరగతులుగా విభజించింది. ఏ పట్టిక వాడినా అదే కొండలో మనుషుల తాకిడి లేని ఒక చోటును పోలికకు పెట్టుకోవాలి. 6.75 మంచిదా కాదా అన్నది ఆ పోలికే తేలుస్తుంది.

అపోహ: స్కోరు బాగుంటే ఆ నీళ్ళు తాగొచ్చు.

తాగకూడదు. ఈ సూచికలు ముఖ్యంగా మురుగు వల్ల వచ్చే ఆక్సిజన్ లోటును పట్టుకోవడానికి పుట్టినవి. జబ్బు చేసే బ్యాక్టీరియా గురించి, ఫ్లోరైడ్ గురించి ఇవి ఏమీ చెప్పవు. స్కోరు పడిపోయినా కారణం మురుగే అని కాదు. చేలల్లో కొట్టిన పురుగుమందు కొట్టుకొస్తే మేఫ్లైలు పోయి నత్తలు, వానపాముల జాతి పురుగులు మిగులుతాయి. పట్టిక చూస్తే అచ్చం మురుగులాగే ఉంటుంది. అందుకే ఆక్సిజన్ కూడా కొలవండి, అదీ సూర్యోదయానికి ముందు. మధ్యాహ్నం నాచు విడిచే ఆక్సిజన్ వల్ల చెడ్డ వాగు కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగానే ఉండి, మేఫ్లైలు మాత్రం మాయమైతే, ఎగువన ఏ పంటకు ఏ మందు ఎప్పుడు కొట్టారో రైతుల్ని అడిగి తెలుసుకోండి.