బొమ్మ గీశాక కోయడం కాదు, కోయడానికే బొమ్మ గీయాలి: టూడీ పప్పెట్ రిగ్గింగ్‌లో అపోహలు – వాస్తవాలు

హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకుంటున్న పిల్లలు, ఉద్యోగం చేసుకుంటూ సొంతంగా చిన్న కథలు తీసేవారు నా దగ్గరికి తెచ్చే ఫైళ్లు చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. బొమ్మను ఎంతో శ్రద్ధగా గీసి, రంగులు, నీడలు, చొక్కా మడతలు అన్నీ పూర్తిచేసి, లేయర్లన్నిటినీ ఒక్కటిగా కలిపేసి, "ఇక రిగ్గింగ్ ఒక్కటే మిగిలింది" అంటారు. ఆ ఫైలుతో రిగ్గింగ్, అంటే బొమ్మ ముక్కలకు కీళ్లు అమర్చి కదిలేలా చేసే పని, మొదలుపెట్టడం కుదరదని చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే సబ్మిషన్ తేదీ ముంచుకొచ్చాకే ఈ సంగతి బయటపడుతుంది. వారి కష్టంలో లోపం లేదు. "బొమ్మ బాగా గీయి చాలు, కోసి కీళ్లు పెడితే అదే కదులుతుంది" అని ఒకరి నుంచి ఒకరికి పాకుతున్న సలహాలోనే లోపం ఉంది. ఆ సలహా ఇచ్చేవారు మోచేయి వంగే షాట్ ఒక్కటైనా చివరిదాకా చేసి ఉంటే ఆ మాట అని ఉండరు.

అపోహ: పూర్తయిన బొమ్మను కీళ్ల దగ్గర కోస్తే రిగ్‌కు సిద్ధమైనట్టే.

వాస్తవం: కోసిన ముక్కలు బొమ్మ నిటారుగా నిలబడి ఉన్నంతసేపే సరిపోతాయి. మోచేయి దగ్గర అడ్డంగా ఒక గీత గీసి దండచేయిని, ముంజేయిని వేరు చేశారనుకుందాం. ముక్క తిరిగే కేంద్రమైన పివట్‌ను ఆ గీత మధ్యలో పెట్టి ముంజేతిని తొంభై డిగ్రీలు తిప్పితే, లోపలివైపు రెండు ముక్కలూ ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, బయటివైపు పావు వృత్తమంత ఖాళీ తెరుచుకుంటుంది. ఆ ఖాళీలోంచి వెనకనున్న ఆకాశమో గోడో కనిపిస్తుంది. పివట్‌ను పూర్తిగా బయటి అంచుకు జరిపితే ఖాళీ మూసుకుంటుంది కానీ మోచేయి పదునైన మూలలా తయారవుతుంది, మధ్యలో ఎక్కడ పెట్టినా కొంత ఖాళీ మిగులుతుంది, ఎందుకంటే అక్కడ నింపడానికి బొమ్మలో రంగే లేదు. ఒక ముక్క కింద మరో ముక్క ఎంత మేర దాగి ఉండాలో, ఆ దాగిన భాగాన్ని కూడా గీయాలి. ప్రేక్షకుడికి మొదటి ఫ్రేములో ఎక్కడా కనిపించని ఆ భాగమే కదలికనంతా మోస్తుంది.

తోలుబొమ్మలు చేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. నిమ్మలకుంటలో నేటికీ తయారయ్యే బొమ్మల చేతులను దగ్గరగా చూడండి. దండచేయి ముక్క, ముంజేయి ముక్క అంచుకు అంచు తగిలి ఆగిపోవు. ఒకదానిపై ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, ఎక్కినచోటే రంధ్రం చేసి దారం ముడి వేస్తారు. 1926లో పూర్తి నిడివి నీడబొమ్మల సినిమాను విడుదల చేసిన జర్మన్ కళాకారిణి లోట్టె రైనిగర్ కూడా ముక్కలను ఇలాగే ఒకదానిపై ఒకటి ఎక్కించి తీగతో కలిపేవారు. ఆమె బొమ్మలు నల్లని నీడలు కాబట్టి ఎక్కినచోటు కంటికి కనిపించదు. మన బొమ్మకు రంగూ ఉంది, అవుట్‌లైనూ ఉంది, అందుకే మన పని మరికొంచెం ఎక్కువ.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి కథనే తీసుకుంటాను. సంక్రాంతి రోజున పాతబస్తీలో ఒక డాబా మీద కుర్రాడు గాలిపటం ఎగరేస్తుంటాడు, పటం తెగిపోతుంది, చేతిలోని మాంజా చుట్టిన చరఖాను చెల్లెలికిచ్చేసి మెట్లు దిగి పరుగెత్తుతాడు. కథంతా ఇంతే. అంటే ఈ కుర్రాడి మోచేతులు మాంజా లాగడానికి పదేపదే వంగాలి, ఒక చేయి తల మీదికి లేవాలి. అబ్బాయి దిగులుగా అడిగిన మొదటి ప్రశ్న, "అన్నా, చేయి వంగినప్పుడల్లా మోచేతి దగ్గర తెల్లగా కనిపిస్తోంది, సాఫ్ట్‌వేర్ మార్చాలా?" అని. సాఫ్ట్‌వేర్ జోలికి పోనవసరం లేదు, మోచేతిని మళ్లీ గీయాలి.

ముందు కొలత చూసుకున్నాం. ఫ్రేము 1920×1080. దూరపు షాట్‌లో కుర్రాడు తెరపై 800 పిక్సెళ్ల ఎత్తు ఉంటే చాలు, కానీ నడుము నుంచి పైకి చూపే షాట్‌లో సగం శరీరమే తెర ఎత్తంతా నిండుతుంది, కాబట్టి అసలు బొమ్మను 2160 పిక్సెళ్లకు తగ్గకుండా గీయాలి. ఆ కొలతలో మోచేతి దగ్గర చేయి వెడల్పు 120 వచ్చింది. మోచేతి చోట 120 వ్యాసంతో ఒక వృత్తం గీసి, దండచేయి కింది చివర, ముంజేయి పై చివర రెండూ ఆ వృత్తమంతటినీ నింపేలా గుండ్రంగా ముగించాం. పివట్ సరిగ్గా ఆ వృత్తం కేంద్రంలో ఉండాలి. వృత్తం తన కేంద్రం చుట్టూ ఎంత తిరిగినా అదే చోట ఉంటుంది కాబట్టి ఖాళీ తెరుచుకునే అవకాశమే లేదు. ముంజేయి మణికట్టు వైపు సన్నబడటం ఆ వృత్తం దాటాకే మొదలవ్వాలి. లేకపోతే వంచినప్పుడు రెండు ముక్కలు కలిసేచోట అంచు మెట్టులా కనిపిస్తుంది. నీడలు, మడతలు వేయకముందే, చదును రంగుతోనే సున్నా, 45, 90, 120 డిగ్రీల దగ్గర తిప్పి చూసుకోవాలి. అక్కడ తప్పు దొరికితే దిద్దడానికి కొద్ది నిమిషాలు చాలు, అన్నీ అయ్యాక దొరికితే బొమ్మంతా మళ్లీ గీయవలసి వస్తుంది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే అవుట్‌లైన్ అడ్డొస్తుంది. ముంజేయి పై చివర గుండ్రంగా ఉన్న నల్ల గీత దండచేయి మీద అడ్డంగా పడి, చేతికి కట్టు కట్టినట్టు కనిపిస్తుంది. చాలామంది దాన్ని రబ్బరుతో చెరిపేస్తారు, చేయి మరో కోణంలోకి వెళ్లగానే చెరిపినచోట గీత తెగినట్టు బయటపడుతుంది. సరైన పద్ధతి గీతను, రంగును వేర్వేరు లేయర్లుగా ఉంచడం. చేతి గ్రూపులో రెండు ముక్కల గీతలూ కింద ఉండాలి, రెండు ముక్కల రంగులూ పైన ఉండాలి. అప్పుడు ముంజేయి రంగు దండచేయి గీతను, దండచేయి రంగు ముంజేయి గీతను కలిసినచోట కప్పేస్తాయి, బయటి అంచు గీత మాత్రం మిగులుతుంది. రంగు పైన ఉంటుంది కాబట్టి గీతలో లోపలి సగం దాని కింద పోతుంది, అందుకే గీతను కావలసినదానికి రెట్టింపు మందంతో గీయాలి. దీనికీ ఒక హద్దు ఉంది. ముంజేయి పూర్తిగా మడిచి దండచేతిమీద పడినప్పుడు రెండింటి మధ్య ఉండవలసిన గీత కూడా కనిపించకుండా పోతుంది. ఆ ఒక్క భంగిమకు వేరే బొమ్మ గీసి మార్చుకోవడమే దారి.

భుజం దగ్గర ఇంకా ఓపిక కావాలి. గాలిపటం వైపు చేయెత్తిన కుర్రాడి ఫ్రేములో అబ్బాయికి రెండు తప్పులు కనిపించాయి: చంక దగ్గర చొక్కా లేదు, చేయి మెడ పక్కనుంచి మొలిచినట్టు ఉంది. మొదటిదానికి కారణం, నిలువుగా వేలాడే చేయి వెనక మొండెం గీయకపోవడం. చేతిని పూర్తిగా తీసేసినా చొక్కా పక్కభాగం, భుజం, చంక కుట్టు అన్నీ కనిపించేలా మొండెం ఉండాలి. రెండోదానికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. మనం చేయి నిలువుగా ఎత్తినప్పుడు అందులో దాదాపు మూడింట రెండు వంతులు మాత్రమే భుజం కీలు తిరుగుతుంది, మిగిలినది వీపున ఉన్న రెక్క ఎముక కదలిక, దానితో భుజమే పైకి లేస్తుంది. కాబట్టి చేతికి పైన, తాను కదిలితే చేతినీ వెంట తీసుకెళ్లే భుజం అనే మరో పేరెంట్ పెట్టి, చేయి లేచేకొద్దీ దాన్ని కాస్త పైకి, మెడ వైపు జరపాలి. ఆపైన పొట్టి చేతుల చొక్కా ఉంది. చేయి భుజం ఎత్తు దాటాక పాత చొక్కాచేయి ఎటు తిప్పినా సరిపోదు, ఎత్తిన చేతికి తగిన చొక్కాచేతిని విడిగా గీసి ఆ కోణంలో మార్చాం. మార్పు చేయి వేగంగా వెళ్తున్న ఫ్రేములో పెడితే కంటికి తెలియదు, ఆగినచోట పెడితే వెంటనే పట్టుబడుతుంది.

ఇప్పటికే బొమ్మ పూర్తిచేసి కంగారు పడుతున్నవారికి ఒక మాట. ఆ బొమ్మను పారేయకండి. దాన్ని కింద నమూనాగా ఉంచి లాక్ చేయండి, దానిమీద ఒక్కో ముక్కను కొత్త లేయరులో తీసుకుని, దాగిన చివరలు మాత్రం కొత్తగా గీయండి. రంగులు, ముఖం, వేళ్లు అన్నీ పనికొస్తాయి. మళ్లీ గీయక తప్పనివి సాధారణంగా కీళ్లు, మొండెం, జుట్టు వెనక తల. కథలో ఏ కీలు వంగదో చూసుకుంటే ఆ కొంత పని కూడా తగ్గుతుంది. చరఖా అందుకునే చెల్లెలు మూడు షాట్లలోనూ నిలబడే ఉంటుంది, ఆమె కాళ్లకు కీళ్లే అక్కర్లేదని తేలింది.

అపోహ: పప్పెట్ పిన్లు పెడితే ముక్కలు చేయనక్కర్లేదు.

వాస్తవం: పిన్ అంటే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ మీద గుచ్చి జరిపే బిందువు, అది బొమ్మను రబ్బరులా సాగదీస్తుంది. జడ, తోక, లంగా అంచు, కొద్దిగా వంగే నడుము వంటివాటికి అది చక్కగా పనికొస్తుంది. మొండెంతో కలిసి ఉన్న చేతిని పిన్‌తో ఎత్తితే పక్కనున్న చొక్కా కూడా వెంట వస్తుంది, మోచేయి లోపలివైపు నొక్కుకుపోయి గీత మందం మారుతుంది.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉంటేనే రిగ్ బాగా వస్తుంది.

వాస్తవం: ఉచితంగా దొరికే బ్లెండర్, ఓపెన్‌టూంజ్, సిన్‌ఫిగ్‌లలోనూ పివట్, పేరెంట్, లేయర్ల వరుస ఉన్నాయి. ఈ వదంతి మీద అంతకంటే సమయం పెట్టనక్కర్లేదు.

అపోహ: రిగ్ పూర్తయితే మొదటి భంగిమ, చివరి భంగిమ ఇస్తే మధ్యలోదంతా కంప్యూటర్ చూసుకుంటుంది.

వాస్తవం: కంప్యూటర్ అన్ని కీళ్లనూ ఒకేసారి కదిలించి ఒకేసారి ఆపుతుంది, అందుకే బొమ్మ నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. మాంజా లాగే షాట్‌లో సెకనుకు 24 ఫ్రేములకు పనిచేస్తూ, ముందు భుజం కదిలి, రెండు ఫ్రేముల తర్వాత ముంజేయి, మరో రెండింటి తర్వాత మణికట్టు బయల్దేరేలా, మనం భంగిమలు పెట్టిన కీ ఫ్రేములు జరిపాం. లాగడం త్వరగా, వదలడం నిదానంగా ఉండేలా ఒక్కో ఫ్రేములో చేయి కదిలే దూరాలు మార్చాం. చేతిలో దారం బిగువు తెలిసింది ఆ సర్దుబాటు తర్వాతే, అప్పటివరకు కుర్రాడు ఊరికే చేతులు ఊపుతున్నట్టు ఉన్నాడు.