దగ్గరి సెల్ఫీలో పెద్దదైన ముక్కు: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో మా స్టూడియోకు పెళ్లి సంబంధాల బయోడేటా కోసం ఫొటోలు పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది సెల్ఫీయే. "ముక్కు కాస్త తగ్గించండి" అన్నది వాళ్ల మొదటి కోరిక. ముక్కు ఎందుకు పెరిగిందన్న విషయంలో ఒక్కొక్కరికి ఒక్కో నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకాన్ని బట్టే ఇంట్లో ఏదో ఒక యాప్‌తో సవరించి, ఫొటోను ఇంకాస్త పాడుచేసి తెస్తారు.

అపోహ: ముందు కెమెరాలో వైడ్ లెన్స్ ఉంటుంది, ముక్కును పెంచేది అదే.

లెన్స్‌కు ఈ పాపం అంటగట్టడం అన్యాయం. ముక్కు పెరిగేది దూరం వల్ల. ఫోన్‌ను ముక్కు కొనకు 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నారనుకోండి. చెవులు ముక్కు కొనకంటే సుమారు 12 సెంటీమీటర్లు వెనక ఉంటాయి కాబట్టి కెమెరాకు వాటి దూరం 42 సెంటీమీటర్లు. 42ను 30తో భాగిస్తే 1.4. అంటే చెవులతో పోలిస్తే ముక్కు కొన 40 శాతం పెద్దగా పడుతుంది. చేయి పూర్తిగా చాచి 60 సెంటీమీటర్లు చేస్తే ఆ తేడా 20 శాతానికి దిగుతుంది. మీటరున్నర దూరం నుంచి ఇంకొకరు తీస్తే 8 శాతమే. రోజూ మనుషులు మనల్ని చూసేది దాదాపు ఆ దూరం నుంచే కాబట్టి, మన ముఖంగా మనం ఒప్పుకునేది కూడా ఆ ఫొటోనే. ప్లాస్టిక్ సర్జన్ల పత్రికలో 2018లో వచ్చిన ఒక అధ్యయనం కూడా 12 అంగుళాల సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని, 5 అడుగుల దూరంలో ఆ తేడా దాదాపు ఉండదని లెక్కకట్టింది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి, మీరు మీటరున్నర దూరంలో కదలకుండా నిలబడి వెనక కెమెరాతో ఒకసారి మామూలుగా, ఒకసారి జూమ్ చేసి తీయండి. మొదటి ఫొటోలో ముఖం వరకు కత్తిరించి రెండో దాని పక్కన పెడితే, స్పష్టతలో తేడా ఉండవచ్చు గానీ ముక్కు ఒకేలా ఉంటుంది. వైడ్ లెన్స్ చేసేదల్లా ముఖం ఫ్రేమ్ నిండాలంటే మనల్ని దగ్గరికి రప్పించడమే.

అపోహ: లెన్స్ కరెక్షన్ నొక్కితే సరిపోతుంది.

ఆ సవరణ పని వేరు. లెన్స్ వల్ల వంగిన గీతలను అది నిటారు చేస్తుంది. ఐఫోన్ సెట్టింగుల్లో Lens Correction అని కనిపించేది ముందు కెమెరాకు, అల్ట్రా వైడ్‌కు సంబంధించినదే. చాలా ఫోన్లు ఇలాంటి సవరణను అడగకుండానే చేసేస్తాయి. మీ వెనక తలుపు అంచు నిటారుగా ఉండి, ముక్కు మాత్రం పెద్దగా ఉందంటే లెన్స్ వంపు ఎప్పుడో సరయిందని, మిగిలింది దూరం తెచ్చిన తేడా అని అర్థం. గీతలు నిటారుగా ఉంచినందుకు ఫ్రేమ్ అంచులు బయటికి సాగుతాయి. ట్యాంక్‌బండ్ మీద పదిమంది కలిసి దిగిన సెల్ఫీలో చివర నిలబడ్డవాళ్ల తల పక్కకు లాగినట్టు ఉండేది అందుకే. చివరివాళ్లను లోపలికి జరపండి, లేదా ఫొటో అంచుల దగ్గర ఖాళీ వదలండి.

పోర్ట్రెయిట్ మోడ్ గురించి కూడా అడుగుతారు. అది వెనక దృశ్యాన్ని మసకబారుస్తుంది, ముక్కు జోలికి పోదు.

అపోహ: యాప్‌లో ముక్కు స్లైడర్ తగ్గిస్తే చాలు.

ఎక్కువ ఫొటోలు చెడేది ఇక్కడే. దగ్గరి నుంచి తీసినప్పుడు ముక్కు ఒక్కటే మారదు. నుదురు వెనక్కి వాలుతుంది, చెంపలు సన్నబడతాయి, చెవులు బుగ్గల చాటుకు పోతాయి, భుజాలు తలకు సరిపడనంత చిన్నవవుతాయి. వీటన్నిటినీ అలాగే వదిలి ముక్కు ఒక్కదాన్నే కుదిస్తే, వేరొకరి ముక్కు తెచ్చి అతికించినట్టు ఉంటుంది.

మొన్న కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి కొడుకు ఫొటో తెచ్చారు. మోచేయి వంచి తీసుకున్న సెల్ఫీ అది. కుడి చెవి అంచు మాత్రమే కనిపిస్తోంది, ఎడమ చెవి అసలు లేదు. ఇంట్లో ఎవరో ముక్కు స్లైడర్‌ను చివరిదాకా తగ్గించారు. దాంతో ముక్కు సన్నబడింది, కింద మీసం మాత్రం పాత వెడల్పులోనే ఉండిపోయింది.

"నవ్వు బాగుంది బాబూ, ఈ ఫొటోనే ఉంచు" అన్నారావిడ.

"సరేనమ్మా, సవరించనిది ఉంటే పంపించండి. దూరం నుంచి ఎవరైనా తీసిన ఫొటో ఒకటి కావాలి, పాతదైనా పరవాలేదు" అన్నాను.

బంధువుల పెళ్లిలో నేరుగా కెమెరా వైపు చూస్తూ నిలబడ్డ ఫొటో దొరికింది. ఫొటోషాప్‌లో దాన్ని సెల్ఫీ మీద సగం పారదర్శకంగా పరిచి, రెండు ఫొటోల్లోని కంటిపాపలు ఒకదానిమీద ఒకటి పడేలా సైజు సరిచేశాను. ఎక్కడ ఎంత మార్చాలో అప్పుడు కళ్లకు కనబడుతుంది, ఊహించాల్సిన పని లేదు. కళ్లు కలిశాక సెల్ఫీలో దవడ, చెంపలు లోపలికి, నుదురు కిందికి ఉన్నాయని తేలింది. అందుకే Filter > Liquify తెరిచి ముందు ముక్కును ముట్టుకోలేదు. Face Width కాస్త పెంచి, Forehead పెంచి, దవడను దానికి తగ్గట్టు సరిచేశాను. చుట్టూ ముఖం విశాలమయ్యేసరికి ముక్కు సగం సర్దుకుంది. ఆ తర్వాతే Nose Width తగ్గించాను. మైనస్ 20 దాటాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు. చివరికి మీసాన్ని చిన్న బ్రష్‌తో ముక్కుకు తగ్గట్టు లోపలికి జరిపాను.

ముఖం వెడల్పు చేసినప్పుడు పక్కనున్నదంతా కదులుతుంది. బాల్కనీ గ్రిల్ కడ్డీలు తల దగ్గర వంగితే పని బయటపడిపోతుంది కాబట్టి వాటిని ముందుగానే Freeze Mask తో కప్పాను. కళ్లద్దాలున్న ముఖమైతే ఫ్రేము రెండు వైపులా సమానంగా ఉందో లేదో చివర్లో తప్పక చూస్తాను.

ఇక ఎడమ చెవి. ఫొటోలో లేనిదాన్ని ఏ స్లైడరూ తేలేదు. వేరే ఫొటోలోంచి తెచ్చి అతికించవచ్చు గానీ, వెలుతురు కుదరదు, పెళ్లి చూపులకు అంత అవసరమూ లేదు. ఆ మాటే ఆవిడకు చెప్పి వదిలేశాను.

అపోహ: దూరం నుంచి తీస్తే ముఖం చిన్నదై ఫొటో పనికిరాదు.

12 మెగాపిక్సెల్ ఫొటో అంటే సుమారు 3000×4000 పిక్సెళ్లు. 30 సెంటీమీటర్ల బదులు 60 నుంచి తీస్తే ముఖం సగానికి తగ్గుతుంది. అంతే మేర కత్తిరించినా 1500×2000 మిగులుతాయి, 4×6 అంగుళాల ప్రింటుకు అవి చాలు. మీటరున్నర నుంచి తీయాలంటే ఫోన్‌ను అలమరలో కంటి ఎత్తున నిలబెట్టి, వెనక కెమెరాకు పది సెకన్ల టైమర్ పెట్టండి. మాకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే మిగిలిన పిక్సెళ్లనూ అది నొక్కేస్తుంది.

వీసా ఫొటోకు మాత్రం పైన చెప్పిన సవరణ ఏదీ చేయించకండి. చిలుకూరులో ప్రదక్షిణలు చేసి నేరుగా మా దగ్గరికి వచ్చే విద్యార్థులు కూడా ముక్కు తగ్గించమని అడుగుతుంటారు. అమెరికా వీసా నిబంధనలు ముఖాన్ని డిజిటల్‌గా మార్చిన ఫొటోను ఒప్పుకోవు. అలాంటివారి సెల్ఫీని పక్కన పెట్టి, తెల్ల తెర ముందు కూర్చోబెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి కొత్తగా తీస్తాను.