బరువు నడుము మీదికి దిగే దారి

మా బావమరిది ఆరడుగుల మనిషి, నేను అయిదడుగుల ఆరంగుళాలు. కుమారపర్వతం ఎక్కుదామని బెంగళూరు మారతహళ్ళిలోని మా ఫ్లాట్‌లో సామాను సర్దుతున్నాం. ఎత్తును బట్టి అతను వీపున మోసే పెద్ద సైజు బ్యాగు కొనుక్కున్నాడు, నాకు మధ్య సైజు కొనిపెట్టాడు. టేపు పెట్టి చూస్తే అతని వీపు 44 సెంటీమీటర్లు, నాది 48. అతని ఎత్తంతా కాళ్ళలోనే ఉంది!

బ్యాగు సైజును ఎత్తును బట్టి కాదు, వీపు పొడవును బట్టి ఎంచుకోవాలి. ఆ కొలత ఇలా తీయాలి. తల ముందుకు వంచితే మెడ మొదట్లో ఒక ఎముక బుడిపెలా పైకి తేలుతుంది. అది మెడలోని ఏడో వెన్నుపూస. తరువాత రెండు చేతులూ నడుము మీద వేసి, బొటనవేళ్ళను వెనక్కు తిప్పితే అవి తుంటి ఎముక పైఅంచు మీద ఆగుతాయి. వేళ్ళను కలిపే గీత వెన్నును తాకేచోటు నుంచి ఆ బుడిపె దాకా, వెన్ను వంపు వెంటే టేపు సాగాలి. ఇది ఒంటరిగా కుదిరే పని కాదు.

బ్యాగుల్లో అయిదు కిలోల బియ్యం, నీళ్ళ సీసాలు, గుడారం పెట్టి 12 కిలోలు చేశాం. నడుము పట్టీ మధ్యభాగం తుంటి ఎముక అంచు మీద కూర్చోవాలి. అప్పుడే వీపు వెనక ఉన్న గట్టి చట్రం గుండా బరువులో అధికభాగం ఎముకల మీదికి, అక్కడి నుంచి కాళ్ళలోకి దిగుతుంది. నా పట్టీ మాత్రం పొట్ట మెత్తదనంలోకి ఎక్కి కూర్చుంది, మోతంతా భుజాల మీద పడింది. అతని బ్యాగులో భుజం పట్టీలు భుజాన్ని చుట్టుకోకుండా పైన ఖాళీ వదిలాయి. అవి భుజాలకు ఆనేలా బ్యాగును కిందికి దించితే నడుము పట్టీ పిరుదుల మీదికి జారింది.

బ్యాగులు మార్చుకున్నాం. ఈసారి అన్ని పట్టీలూ వదులు చేసి, ముందు నడుముది, తరువాత భుజాలవి, చివర భుజాల పైనుండే చిన్న పట్టీలు బిగించాం. నా భుజం పట్టీ కింద వేళ్ళు సులువుగా దూరాయి. అతని నడుము పట్టీ మాత్రం ఎంత బిగించినా వదులే. ముందువైపు రెండు మెత్తలు ఒకదానికొకటి తగిలిపోయాయి, ఇక లాగడానికి చోటు లేదు. వీపు సైజు వేరు, నడుము సైజు వేరు. సన్నటివాళ్ళకు చిన్న పట్టీ విడిగా అమర్చుకోవాల్సిందే.

ఇక సర్దడం. నీళ్ళు బయటి జేబులో ఉంటే మనిషి ముందుకు వంగుతాడు. బ్యాగు బరువుకేంద్రం వీపుకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అది 25కు జరిగితే 12 కిలోల బరువు వెనక్కు లాగే తిప్పుబలం ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. అందుకే బియ్యం, నీళ్ళు వీపుకు ఆనించి, భుజపుటెముకల మధ్య ఎత్తులో పెట్టాం. పడుకునే సంచి అడుగున, బట్టలు బయటివైపు.

అలా సర్దుకుని అపార్ట్‌మెంట్ మెట్లు అయిదుసార్లు ఎక్కి దిగాం. “బావా, మీ భుజాల మీద గుర్తులే లేవు,” అన్నాడు. అతని భుజాలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి, ఆ వదులు పట్టీ వల్ల.