ఒకే ఈస్ట్: ఒకటి బతికున్నది, ఒకటి చచ్చినది

"న్యూట్రిషనల్ ఈస్ట్ దొరకలేదు. ఇంట్లో బ్రెడ్ చేసుకునే ఈస్ట్ ప్యాకెట్ ఉంది. రెండూ ఈస్టే కదా, దాని బదులు ఇది చల్లుకుని తినేయొచ్చా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆవిడ వీగన్, జంతువుల నుంచి వచ్చేదేదీ తినరు. వాళ్లబ్బాయికి సీలియాక్ జబ్బు, గోధుమలాంటి గింజల్లో ఉండే గ్లూటెన్ తగిలితే పేగు దెబ్బతింటుంది. అందుకని ప్రశ్నకి ఇంకో రెండు తోకలు తగిలించారు: ఇది నిజంగా వీగనేనా, ఇందులో గ్లూటెన్ ఉంటుందా?

రెండూ ఒకే జాతి. సాకరోమైసెస్ సెరివిసియే అనే ఏకకణ శిలీంధ్రం. వైన్, కొన్ని రకాల బీరు పులిసేది కూడా దీనివల్లే. అయినా ఒకదాని బదులు ఇంకొకటి వాడితే రెండు చోట్లా పని చెడుతుంది. బ్రెడ్ ఈస్ట్ బతికి ఉంటుంది, చీజ్ రుచి కోసం తిండి మీద చల్లుకునే న్యూట్రిషనల్ ఈస్ట్‌ని కావాలని చంపేస్తారు. మొలకెత్తే విత్తనానికీ, వేయించిన విత్తనానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. మొక్క ఒకటే, కానీ వేయించింది విత్తితే మొలవదు, పచ్చిది నమిలితే అరగదు.

వేరుపడేది ఎక్కడో చూడాలంటే ఫ్యాక్టరీలోకి వెళ్లాలి. రెండింటికీ సాధారణంగా మొదలు ఒకటే: చెరకు నుంచో షుగర్ బీట్ నుంచో చక్కెర తీశాక మిగిలే మొలాసిస్. దాన్ని నీళ్లతో పలచన చేసి, నత్రజని, ఫాస్ఫరస్ లవణాలు కలిపి, పెద్ద ట్యాంకులో దాదాపు 30 డిగ్రీల వేడి దగ్గర ఈస్ట్‌ని పెంచుతారు. అడుగు నుంచి గాలి విపరీతంగా కొడుతూనే ఉంటారు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆక్సిజన్ ఉంటే ఈస్ట్ శ్వాసిస్తుంది, లేకపోతే చక్కెరని పులియబెట్టి ఆల్కహాల్ చేస్తుంది అని బడిలో ఒక గీత గీసినట్టు చెప్పేస్తారు. పరీక్షకి అది చాలు, ఫ్యాక్టరీకి చాలదు. ఈ ఈస్ట్ ఆశపోతు. ఎంత గాలి ఇచ్చినా సరే, ఎదురుగా చక్కెర ఎక్కువగా కనిపిస్తే శ్వాస పక్కన పెట్టి ఆల్కహాల్ చెయ్యడం మొదలెడుతుంది. దీన్ని క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. దీనివల్ల నష్టం చిన్నది కాదు. పూర్తిగా శ్వాస మీద బతికితే గ్రాము చక్కెరకి అర గ్రాము దాకా ఎండు ఈస్ట్ వస్తుంది. పులియబెడుతూ బతికితే 0.1 గ్రాము వస్తే గొప్ప, మిగతాదంతా ఆల్కహాలూ కార్బన్ డయాక్సైడూ అయిపోతుంది. కణాలు కావలసినవాడికి ఆల్కహాల్ ఎందుకు? అందుకే మొలాసిస్ అంతా ఒకేసారి పొయ్యరు. గంటల తరబడి కొంచెం కొంచెంగా, ఈస్ట్ ఎంత తినగలదో అంతే వదులుతారు. బయటికి పోయే గాలిలో ఆల్కహాల్ జాడ ఎంత ఉందో కొలుస్తూ ఉంటారు. అది పెరిగిందా, తిండి ఎక్కువైందన్నమాట, వెంటనే మొలాసిస్ ధార తగ్గిస్తారు.

పెరిగిన ఈస్ట్‌ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, నీళ్లతో కడిగితే చిక్కటి మీగడలాంటి ద్రవం వస్తుంది. దారులు చీలేది ఇక్కడే.

బ్రెడ్ ఈస్ట్‌గా అమ్మేదాన్ని ప్రాణం పోకుండా ఆరబెట్టాలి. నీళ్లు పోతే మామూలుగా కణం చస్తుంది, కానీ దీనికి ముందే ఒక కవచం తొడుగుతారు. చివరి దశలో నత్రజని తగ్గించేసరికి కణం ఎదుగుదల ఆపి, ట్రెహలోజ్ అనే చక్కెరని లోపల కూడబెట్టుకుంటుంది. ఎండిపోయేటప్పుడు కణపు పొరలు చిరిగిపోకుండా కాపాడేది ఇదే. ఆ తర్వాత సన్నటి పోగుల్లా వత్తి, వెచ్చటి గాలిలో తేలిస్తూ మెల్లగా ఆరబెడతారు. మీ చేతికొచ్చే చిన్న చిన్న గుళికలు అవే.

న్యూట్రిషనల్ ఈస్ట్‌కి ఇంత లాలన అక్కర్లేదు. ముందు మీగడని వేడిచేసి చంపేస్తారు. విటమిన్లు కలిపే రకమైతే అవీ ఇక్కడే కలుపుతారు. తర్వాత లోపల ఆవిరితో కాలుతున్న పెద్ద ఇనుప డ్రమ్ము మీద పల్చగా పూస్తారు. డ్రమ్ము ఒక చుట్టు తిరిగేలోపే పూత ఎండి పొరలా అంటుకుంటుంది, అవతలి వైపున్న పొడుగాటి కత్తి దాన్ని గీకేస్తుంది. న్యూట్రిషనల్ ఈస్ట్ పల్చటి రేకుల్లా ఉండటానికి కారణం ఆ కత్తే. రుచికి కారణం మాత్రం చావు. కణంలో ఉన్న గ్లుటామిక్ ఆమ్లం, న్యూక్లియోటైడ్లు నాలుకకి అందేలా బయటపడతాయి, వేడికి కాస్త వేగిన వాసన కూడా చేరుతుంది. చీజ్ రుచి వస్తుందనేది అందుకే.

మీ దగ్గరున్నది ఏదో అనుమానం వస్తే తేల్చుకోవడం తేలిక. గ్లాసెడు గోరువెచ్చటి నీళ్లలో, అంటే 40 డిగ్రీల దగ్గర, చెంచా చక్కెర, చెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు ఆగండి. బతికున్నదైతే పైన నురగ టోపీలా లేస్తుంది. న్యూట్రిషనల్ ఈస్ట్ అయితే పసుప్పచ్చగా నానుతుంది తప్ప కదలదు. నురగ రాకపోతే పాతబడి చచ్చిన బ్రెడ్ ఈస్ట్ కూడా కావచ్చు, కాబట్టి ప్యాకెట్ మీద తేదీ చూడండి.

ఇక పచ్చి బ్రెడ్ ఈస్ట్ చల్లుకోవడం సంగతి. అది విషం కాదు. చేదుగా ఉంటుంది, కడుపులోకి వెళ్లాక కొంతసేపు తన పని తను చేసుకుని గ్యాస్ తెప్పిస్తుంది. అసలు ఇబ్బంది వేరే. 1920లలో అమెరికాలో తాజా ఈస్ట్ బిళ్లలు రోజూ తింటే ఒంటికి మంచిదని పత్రికల నిండా ప్రకటనలు వేసేవారు. 1940లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హెలెన్ పార్సన్స్ బృందం ఆ ఈస్ట్ తిన్నవాళ్ల మలమూత్రాలు పరీక్షించింది. బతికున్న కణం తన విటమిన్ బి1ని వదలడం లేదు సరికదా, తిండిలో ఉన్న బి1ని కూడా లోపలికి లాగేసుకుని, అలాగే బయటికి పోతోంది. అదే ఈస్ట్‌ని ఉడికించి పెడితే విటమిన్ ఒంటికి అందింది. విటమిన్ కోసం తిన్నది విటమిన్ ఎత్తుకుపోవడం! కాబట్టి చల్లుకోవద్దు. బ్రెడ్‌లో వేసి కాలిస్తే ఈ గొడవ లేదు, 60 డిగ్రీలు దాటేసరికే అది చచ్చిపోతుంది.

తిరగేసి, న్యూట్రిషనల్ ఈస్ట్ బ్రెడ్ పిండిలో వేస్తే ఏమవుతుంది? పొంగదు, అది తెలిసిందే. అంతకంటే తమాషా ఏమిటంటే పిండి జావకారి సాగుతుంది. చచ్చిన కణాల నుంచి గ్లూటాథయోన్ అనే చిన్న అణువు కారుతుంది. గ్లూటెన్ పోగుల్ని ఒకదానికొకటి కట్టి ఉంచే గంధకపు బంధాల్ని అది విప్పేస్తుంది. మొండికేసే పిండిని పల్చగా సాగదియ్యడానికి బేకరీల వాళ్లు చంపిన ఈస్ట్‌ని కొని మరీ కలుపుతారు. "అయితే ఈస్ట్ గ్లూటెన్‌ని తినేస్తుందన్నమాట, పులిసిన రొట్టె అబ్బాయికి పెట్టొచ్చు" అని ఎవరైనా అనుకుంటే ప్రమాదం. విడిపోయేవి పోగుకీ పోగుకీ మధ్య ఉన్న ముళ్లు మాత్రమే. సీలియాక్ ఉన్నవాళ్ల రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టేది పోగులోని అమైనో ఆమ్లాల వరసని. అది చెక్కుచెదరదు.

మరి ఈస్ట్‌లోనే గ్లూటెన్ ఉంటుందా? ఉండటానికి వీల్లేదు. గోధుమ, బార్లీ, రై గింజలు తమ మొలక కోసం దాచుకునే ప్రొటీన్లని మనం గ్లూటెన్ అంటున్నాం. ఈ ఈస్ట్ జన్యువులన్నీ 1996లోనే చదివేశారు, సుమారు ఆరు వేలు. ఆ ప్రొటీన్ చేసే జన్యువు వాటిలో లేదు. మొలాసిస్‌లోనూ గ్లూటెన్ లేదు. కాబట్టి అడగాల్సింది ఈస్ట్ ఏమిటని కాదు, ఏ నీళ్లలో పెరిగిందని.

బ్రూవర్స్ ఈస్ట్ అని అమ్మేదానితో చిక్కు అక్కడే. అది బీరు తయారయ్యాక ట్యాంకు అడుగున మిగిలిన ఈస్ట్. జాతి ఇదే కావచ్చు, కానీ అది పెరిగింది బార్లీ రసంలో. ఎంత కడిగినా బార్లీ ప్రొటీన్ కొంత అంటుకుని ఉండొచ్చు. నాలుక మీద చేదుగా ఉంటే అది బీరులో వేసే హాప్స్ పూల చేదు, బీరు ట్యాంకు నుంచి వచ్చిందనడానికి గుర్తు. చేదు తీసేసిన రకాలూ ఉన్నాయి కాబట్టి చేదు లేనంత మాత్రాన ధైర్యపడకూడదు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని పదార్థాల జాబితాలో కనిపించినా ఇదే ప్రశ్న వేసుకోవాలి.

అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటేనే గ్లూటెన్ ఫ్రీ. ఆవిడ అబ్బాయి రోజుకి రెండు చెంచాలు, 10 గ్రాములనుకుందాం, తిన్నాడు. సరిగ్గా హద్దు మీదున్న ప్యాకెట్ అయినా అతనికి చేరేది 0.2 మిల్లీగ్రాములు. చాలామంది సీలియాక్ రోగులకి రోజు మొత్తం మీద 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే పేగుకి హాని కనబడదని వైద్యులు లెక్కవేస్తారు. అందుకని మొలాసిస్ మీద పెరిగి, గ్లూటెన్ ఫ్రీ అని పరీక్ష చేసిన సీలు ప్యాకెట్‌తో టెన్షన్ పడక్కర్లేదు. డబ్బాలోంచి తూచి ఇచ్చే విడి సరుకు వద్దు. పక్కనున్న గోధుమ పిండిలో ముంచిన గరిటే దీంట్లోనూ ముంచుతారు.

వీగన్ సంగతికొస్తే, "అది ప్రాణి కదా, చంపుతున్నారు కదా" అని కొందరికి నిజంగానే మనసొప్పదు. ప్రాణం ఉన్నవన్నీ జంతువులు కావు. ఈస్ట్‌కి నరాలు లేవు, అది పుట్టగొడుగుల బంధువు. పైగా ఆకుకూర తెంపినా ప్రాణం పోయేదే.

అసలు చూడాల్సింది మళ్లీ తిండే. క్లూవెరోమైసెస్ అనే వేరే ఈస్ట్‌ని చీజ్ చేశాక మిగిలే పాలవిరుగుడు నీళ్ల మీద పెంచుతారు, అది వీగన్ కాదు. సాకరోమైసెస్‌కి పాలచక్కెర అరిగించుకునే శక్తి లేదు, కాబట్టి ప్యాకెట్ మీద ఆ పేరుంటే ఈ అనుమానం చాలావరకు తీరినట్టే. చీజ్ రుచి మసాలా అని అమ్మే మిశ్రమాల్లో పాలపొడి కలిపి ఉండొచ్చు, అక్కడ పదార్థాల జాబితా చదవాల్సిందే.

వీగన్లు దీన్ని కొనేది ముఖ్యంగా బి12 కోసం. ఈస్ట్ బి12 చెయ్యలేదు. మొక్కలూ చెయ్యలేవు, జంతువులూ చెయ్యలేవు, బ్యాక్టీరియా, వాటిలాంటి సూక్ష్మజీవులైన ఆర్కియా తప్ప ఎవరూ చెయ్యలేరు. న్యూట్రిషనల్ ఈస్ట్‌లో ఉండే బి12 విడిగా బ్యాక్టీరియాతో చేయించి కలిపినదే. అదీ వీగనే, కానీ కలిపితేనే ఉంటుంది. ఫోర్టిఫైడ్ అని లేని ప్యాకెట్‌లో బి12 సున్నా అనుకోండి. కలిపిన రకం అంత పసుప్పచ్చగా మెరవడానికి కారణం దాంతోపాటు వేసే బి2. వెలుతురు తగిలితే ఆ రెండు విటమిన్లూ పాడవుతాయి, అందుకని గాజు సీసాలో పోసి కిటికీ దగ్గర పెట్టకండి.