నలభై మంది, రెండు వస్తువులు: గిల్డ్ రైడ్లపై అపోహలు - వాస్తవాలు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆట 2019 ఆగస్టులో వచ్చినప్పుడు యూరప్ సర్వర్‌లో ఒక గిల్డ్‌లో, అంటే కలిసి ఆడేవాళ్ల జట్టులో చేరాను. ఈ ఆటకి మన దేశంలో సర్వర్ లేదు. వాళ్ల రాత్రి ఎనిమిది గంటల రైడ్, అంటే జట్టంతా కలిసి చేసే దాడి, చలికాలంలో హైదరాబాద్‌లో పన్నెండున్నరకి మొదలయ్యేది. మూడు నెలలు తిరక్కుండానే గిల్డ్ ఆఫీసర్‌గా హాజరు పట్టీ, పాయింట్ల లెక్క నా నెత్తిన పడ్డాయి. "అన్నా, ఆఫీసర్ అంటే బాగా ఆడేవాడేగా?" అని మా తమ్ముడు అడిగేవాడు. కాదు. నా ఆట అంతంతమాత్రమే. మా గిల్డ్ మాస్టర్‌ది నాకంటే అధ్వానం. ఆయన పని ఆడటం కాదు, మనుషుల్ని కూర్చడం.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మోల్టెన్ కోర్ అనే చోట పది మంది బాస్‌లు, అంటే పెద్ద శత్రువులు ఉంటారు. ఐదుగురు చొప్పున ఎనిమిది గ్రూపులు, మొత్తం 40 మంది వరకు లోపలికి వెళ్లవచ్చు. ఒకసారి చంపిన బాస్ ఆ వారానికి మళ్లీ దొరకడు.

అపోహ: నలభై మంది ఒక్కసారిగా మీద పడితే ఏ బాస్ అయినా చస్తాడు.

మొదటి బాస్ లూసిఫ్రాన్ దగ్గరే ఈ నమ్మకం పోతుంది. అతను చుట్టూ ఉన్నవాళ్లందరి మీదా ఒక శాపం వేస్తాడు. అది తగిలితే ప్రతి మంత్రానికీ రెట్టింపు మానా, అంటే మంత్రశక్తి ఖర్చవుతుంది. గాయాలు మాన్పే హీలర్ల మానా అడుగంటితే మిగతావాళ్లు వరసగా పడిపోతారు. శాపం తీయగలిగేది మేజ్‌లు, డ్రూయిడ్‌లు అనే రెండు రకాల పాత్రలే. "శాపాలు తీయండి" అని ఊరికే చెప్తే ఏమవుతుందంటే, ఆరుగురు మేజ్‌లూ కళ్లకి కనిపించిన మొదటి పేరు మీదే నొక్కుతారు. ఒకడికి శాపం పోతుంది, ఐదు నొక్కులు వృథా, చివరి గ్రూపులో ఉన్న హీలర్ అలాగే మిగిలిపోతాడు.

అందుకే ముందే పంచుతాం. ఒకటో, రెండో గ్రూపులు ఈ మేజ్‌వి, మూడు, నాలుగు ఆమెవి, ఇలా. ఎవరూ పక్క గ్రూపు వైపు చూడకూడదు. ఎక్కడ శాపం ఆలస్యంగా పోతుందో చూస్తే ఏ రెండు గ్రూపుల మేజ్ నిద్రపోతున్నాడో వెంటనే తెలిసిపోతుంది. ఇంకో బాస్ బ్యారన్ గెడాన్ ఎవరో ఒకరిని బాంబుగా మారుస్తాడు, ఎనిమిది సెకన్లలో పేలుతుంది. ఆ మనిషి గుంపుకి దూరంగా పరుగెత్తాలి. ఎటు పరుగెత్తాలో యుద్ధానికి ముందే చెప్పి ఉంచాలి. అప్పుడు ఆలోచించేవాడు తనతోపాటు పదిమందిని తీసుకుపోతాడు. వాయిస్ చాట్‌లో ఒక్కరే మాట్లాడాలనే నియమం కూడా ఇందుకే.

అపోహ: నలభై మంది సభ్యులుంటే నలభై మంది రైడ్ నడుస్తుంది.

ఒక్కొక్కరు పది రైడ్లకి ఎనిమిదింటికి వస్తారనుకోండి. అది మంచి హాజరే. అయినా 40 మందిలో సగటున వచ్చేది 32. పట్టీలో 50 మంది ఉంటే సగటు 40, అంటే దాదాపు సగం రాత్రులు తక్కువే వస్తారు. మేం 55 దగ్గర ఆగాం. (క్లాసిక్ మోల్టెన్ కోర్‌ని తక్కువ మందితో కూడా పూర్తి చేయవచ్చు. తర్వాత వచ్చిన నాక్స్‌రామస్ అనే రైడ్‌లో నలుగురు గుర్రపు వీరులు అనే ఒక్క యుద్ధానికి, బాస్ దెబ్బల్ని తమ మీదకి తీసుకునే ట్యాంకుల్ని ఎనిమిది మందిని పెట్టడం మామూలు. అక్కడ తలల లెక్కతో పని జరగదు.)

అయితే 55 మందిని పెట్టుకుంటే వచ్చే కష్టం వేరు. అందరూ వచ్చిన రాత్రి పదిహేను మందిని బయట కూర్చోబెట్టాలి. రెండు వారాలు కూర్చున్నవాడు మూడో వారం చెప్పాపెట్టకుండా ఇంకో గిల్డ్‌లో కనిపిస్తాడు. బయట కూర్చున్నా పిలిస్తే వచ్చేలా ఉన్నవాళ్లకి లోపల ఆడినవాళ్లతో సమానంగా పాయింట్లు ఇచ్చాకే ఇది తగ్గింది.

అపోహ: పాయింట్ల పద్ధతి పెడితే లూట్ గొడవ ఉండదు.

ఒక బాస్ చస్తే లూట్‌గా రెండో మూడో వస్తువులు పడతాయి. చూసేవాళ్లు నలభై మంది. పాచికలు వేసి పంచితే మొదటిసారి వచ్చినవాడు, ఆరు నెలలుగా వస్తున్నవాడు సమానమైపోతారు. దానికి విరుగుడుగా వచ్చిందే డీకేపీ, అంటే డ్రాగన్‌ని చంపినందుకు పాయింట్లు. 1999లో ఎవర్‌క్వెస్ట్ ఆటలో ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డ్ మొదలుపెట్టింది. రైడ్‌కి వస్తే పాయింట్లు వస్తాయి, వస్తువు తీసుకుంటే పోతాయి. ఇద్దరు ఒకే వస్తువు అడిగితే ఎక్కువ పాయింట్లున్నవాళ్లకి.

వినడానికి బాగుంది. మేం కూడా అలాగే పెట్టాం. రైడ్‌కి మనిషికి 20 పాయింట్లు, ప్రతి వస్తువు ధర 20. లెక్క సులువుగా ఉండాలని వారానికి 25 వస్తువులు అనుకుందాం. నలభై మందికి వారంలో 800 పాయింట్లు పుడతాయి, ఖర్చయ్యేవి 500. మిగిలిన 300 ఎవరి ఖాతాలోనో పేరుకుంటాయి. పది వారాలకి ఏమీ తీసుకోని పాత మనిషి దగ్గర 200 ఉంటాయి. అతను ఇకనుంచి వారానికి ఒక వస్తువు తీసుకున్నా 20 పోతాయి, 20 వస్తాయి, 200 దగ్గరే నిలబడతాడు. కొత్తగా చేరినవాడు మూడు వారాలకి 60తో వస్తాడు. అతను కోరిన వస్తువునే పాతవాడు కూడా కోరితే గెలిచే దారి లేదు. నాలుగో వారం అతను రాడు. మాకు వరసగా ముగ్గురు కొత్త హీలర్లు ఇలాగే పోయారు. కారణం బద్ధకం అనుకున్నాం. తప్పు మా పట్టికలో ఉంది.

మందు ఏమిటంటే ప్రతి వారం అందరి ఖాతాలోంచి 20 శాతం కోసేయడం. దీన్ని డికే అంటారు. ఇప్పుడు ఏమీ తీసుకోకపోయినా ఎవరికీ 100 దాటదు, ఎందుకంటే అక్కడ కోతకి పోయేదీ కొత్తగా వచ్చేదీ 20 చొప్పున సమానం. కొత్తవాడికి మొదటి వారం 20, రెండో వారం 36, మూడో వారం 49. అదే మూడో వారంలో 100 ఉన్న పాతవాడు అప్పటి నుంచి వారానికి ఒకటి చొప్పున తీసుకుంటే 84, 71, 61కి దిగుతాడు. కొత్తవాడు 59, 67, 74కి ఎక్కుతాడు. ఆరో వారానికి ముందు వరసలోకి వచ్చేస్తాడు.

కోత ప్రకటించిన రాత్రి పాతవాళ్లు ఎంత గొడవ చేశారో చెప్పక్కర్లేదు. "బ్యాంకులో డబ్బు కోసినట్టు ఉంది" అన్నాడొకడు. నిజమే, సరిగ్గా అదే ఉద్దేశం. కోత 50 శాతం పెడితే మాత్రం దాచుకోవడానికి అర్థం ఉండదు, దాదాపు పాచికల దగ్గరికే వెళ్లినట్టు. మాకు 20 సరిపోయింది.

పాయింట్లు వద్దు, ఆఫీసర్ల కౌన్సిల్ తేలుస్తుంది అనే గిల్డ్‌లూ ఉన్నాయి. ట్యాంకుకి ముందు ఇస్తే అందరికీ లాభం అనే లెక్క వాళ్లది, తప్పేం లేదు. కానీ ఆఫీసర్ తనకే తాను ఒక మంచి కత్తి ఇచ్చుకున్న రోజున ఎవరూ నమ్మరు.

అపోహ: గొడవల వల్ల గిల్డ్‌లు విడిపోతాయి.

గొడవ పైకి కనిపిస్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది. నా పట్టీలో కనిపించింది వేరు. మొదటి బాస్ మీదకి వెళ్లే సమయం ఎనిమిదింపావు నుంచి ఎనిమిదిన్నర, తర్వాత ఎనిమిది నలభై అయింది. రావాల్సిన ఇద్దరి కోసం ముప్పై ఎనిమిది మంది ఎదురుచూడటం, వచ్చే వారం వాళ్లలో ఇద్దరు ఆలస్యంగా రావడం. చివరికి ఒక బుధవారం 31 మంది వచ్చారు, అందులో హీలర్లు ఐదుగురే. ఆ నెలలోనే ఇలాగే చితికిన ఇంకో గిల్డ్‌తో కలిశాం. వాళ్ల పాయింట్ల ధరలు వేరు, కోత లేదు. ఏ లెక్కని ఏ లెక్కలోకి మార్చాలో తెగక, రెండు గిల్డ్‌ల్లోనూ గత నాలుగు రైడ్లకి వచ్చినవాళ్లందరికీ తలా 50 పెట్టి మళ్లీ మొదలుపెట్టాం.