చీనీ తోటలో నిలబడే పరికరానికి ఏ మైక్రోకంట్రోలరు?

అనంతపురంలో ఒక చిన్న ఇంజనీర్ల బృందం నార్పల వైపు చీనీ తోటల కోసం ఒక పరికరం తయారుచేయాలనుకుంటోందని అనుకుందాం. అది చెట్టు మొదట్లో మట్టి తేమను కొలవాలి, డ్రిప్ పైపులో పారిన నీటిని లెక్కించాలి, ప్రతి అరగంటకూ ఆ వివరాన్ని తక్కువ శక్తితో దూరం పంపగల లోరా రేడియో ద్వారా తోట గట్టున ఉన్న గేట్‌వేకు పంపాలి. కరెంటు తీగ ఉండదు. లోపల ఉండేది 2400 మిల్లీ ఆంపియర్ గంటల సామర్థ్యమున్న ఒకే ఒక లిథియం థయోనిల్ క్లోరైడ్ బ్యాటరీ. ఇటువంటి పరికరానికి మైక్రోకంట్రోలరును ఎంచుకోవడానికి డేటాషీట్ల మొదటి పేజీలను పక్కపక్కన పెట్టి పోల్చడం అందరూ చేసే పనే, కానీ అది తప్పుదారి పట్టిస్తుంది. ముందుగా పరికరం ఒక్క అరగంటలో ఏమేం చేస్తుందో కాగితం మీద రాసుకోవాలి.

సెన్సర్‌కు 10 మిల్లీ ఆంపియర్లు అర సెకను పాటు ఇవ్వాలి. ఆ తర్వాత రేడియో సుమారు 90 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటూ, దూరం కోసం ప్రసారాన్ని నెమ్మది చేసే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 10 వద్ద, దాదాపు 0.4 సెకను ప్రసారం చేస్తుంది. జవాబు కోసం కాసేపు వినడానికి మరికొంత ఖర్చవుతుంది. వీటిని కూడి 1800 సెకన్లకు సగటు తీస్తే లెక్క ఇలా వస్తుంది:

```
10×0.5 + 90×0.4 + 1 = 42 mA·s
42 / 1800 = 0.023 mA = 23 µA
```

దీనికి స్లీప్‌లో చిప్, బోర్డు కలిపి తీసుకునే 2 మైక్రో ఆంపియర్లు చేర్చితే మొత్తం 25 అవుతుంది, రోజుకు 0.6 మిల్లీ ఆంపియర్ గంట. కాగితం మీద ఇది దాదాపు పదకొండేళ్లు. చిప్ స్లీప్ కరెంటు 1 మైక్రో ఆంపియరా, 2 మైక్రో ఆంపియర్లా అని వాదించుకునే వారు గమనించవలసింది ఏమిటంటే, ఈ లెక్కలో సింహభాగం రేడియోదే. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 12కు వెళితే ప్రసార సమయం మూడు రెట్లకు మించి పెరుగుతుంది, అప్పుడు ఏ చిప్ పెట్టినా బ్యాటరీ ఆయుష్షు సగానికంటే తక్కువకు పడిపోతుంది. అదే నాలుగు గంటలకొకసారి పంపితే చాలుననుకుంటే రేడియో వాటా 3 మైక్రో ఆంపియర్లకు తగ్గి, స్లీప్ కరెంటు కూడా దాదాపు అంతే ముఖ్యమవుతుంది. RP2040 వంటి చవకైన, శక్తిమంతమైన చిప్ అతి గాఢమైన స్లీప్‌లో కూడా సుమారు 180 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుంది. దానితో అరగంట లెక్క పదహారు నెలల వద్దే ఆగిపోతుంది. అది చెడ్డ చిప్ కాదు, ఈ పనికి పుట్టినది కాదంతే.

ఇక్కడే మన ఊరి ఎండ లెక్కలోకి వస్తుంది. డేటాషీట్ మొదటి పేజీలో కనిపించే స్లీప్ కరెంటు 25 డిగ్రీల వద్ద కొలిచినది. సిలికాన్‌లో లీకేజి కరెంటు ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెట్టింపవుతుంది. మే నెల మధ్యాహ్నం, నీడ పట్టని చోట, మూసి ఉన్న ప్లాస్టిక్ పెట్టె లోపల 65 డిగ్రీలకు చేరిందనుకుంటే అది నాలుగు రెట్టింపులు, అంటే పదహారు రెట్లు: 1 మైక్రో ఆంపియర్ కాస్తా 16 కావచ్చు. రాత్రి తగ్గుతుంది కనుక రోజు సగటు అంత ఉండదు, అయినా పోల్చవలసింది డేటాషీట్ లోపలి పట్టికలో 55, 85 డిగ్రీల కింద ఉన్న అంకెలనే. 25 డిగ్రీల వద్ద సమానంగా కనిపించిన రెండు చిప్‌లు అక్కడికి వెళ్లేసరికి బాగా దూరమవుతాయి. కొనేవారు సాధారణంగా ఆ పేజీ దాకా వెళ్లరు.

చిప్‌లోని టైమర్ల వంటి పెరిఫెరల్స్ విషయంలో ఎన్ని ఉన్నాయన్నది కాదు, స్లీప్‌లో ఏవి పనిచేస్తాయన్నది ప్రశ్న. నీటి మీటరు ఒక్కొక్క లీటరుకో, పది లీటర్లకో ఒక పల్స్ ఇస్తుంది. ATmega328P అనే చిప్ పవర్‌డౌన్ అనే గాఢ స్లీప్‌లోకి వెళ్లినప్పుడు దాని టైమర్లు ఆగిపోతాయి కనుక ప్రతి పల్స్‌కూ ప్రాసెసరు మేల్కోవాలి. STM32WLE5 లోని లో పవర్ టైమరు మాత్రం ప్రాసెసరును లేపకుండానే బయటి పల్సులను లెక్కించుకుంటుంది. డ్రిప్ నడిచే గంటల్లో ఈ తేడా గణనీయం. అదే చిప్‌లో లోరా రేడియో కూడా కలిసే ఉంది.

మెమరీ దగ్గర పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు, ఒక్క విషయంలో తప్ప. ATmega328P లో 32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్ ఉంటాయి. లోరా మీద గేట్‌వేతో మాట్లాడే లోరావాన్ సాఫ్ట్‌వేరును కత్తిరించి ఇరికించవచ్చు గాని మరి దేనికీ చోటు మిగలదు. తోటలో ఉన్న వంద పరికరాల సాఫ్ట్‌వేరును గాలి ద్వారా మార్చాలనుకుంటే పాతదీ కొత్తదీ రెండూ ఫ్లాష్‌లో పక్కపక్కన నిలవాలి. ప్రోగ్రామ్ 70 కిలోబైట్లయితే రెండింటికి 140, పైన బూట్‌లోడరు. అప్పుడు 128 కిలోబైట్ల చిప్ చాలదు, STM32WLE5 లో దొరికే 256 కావాలి. ఈ సంగతి బోర్డు అచ్చయ్యాక గుర్తొస్తే నష్టం చాలా ఎక్కువ.

టూల్‌చెయిన్ విషయంలో ఉచితంగా దొరికే జీసీసీ కంపైలరు, ఎస్‌డబ్ల్యూడీ డీబగ్గరు ఉంటే ప్రారంభానికి చాలు. నేను మరొకటి అడుగుతాను: ఆ చిప్‌లో తెలిసిన లోపాలను తయారీదారు జాబితా చేసే ఎర్రాటా పత్రంలో మనం వాడబోయే స్లీప్ మోడ్ గురించి ఏమి రాసి ఉంది? డెవలప్‌మెంట్ బోర్డు కొని స్లీప్ కరెంటు కొలిచి చూడకుండా నిర్ణయం తీసుకోరాదు. కొలతలోనూ ఒక చిక్కు ఉంది. మల్టీమీటరును మైక్రో ఆంపియర్ రేంజిలో పెడితే ప్రసార సమయంలో మీటరులోనే వోల్టేజి పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది. అందుకని మీటరుకు సమాంతరంగా ఒక స్విచ్ పెట్టి మూసి ఉంచి, చిప్ స్లీప్‌లోకి వెళ్లాక తెరవాలి. 2 రావలసిన చోట 300 వస్తే, చాలాసార్లు దోషం చిప్‌ది కాదు. వాడని పిన్నులను తేలుతూ వదిలేశారనో, బోర్డు మీది రెగ్యులేటరూ ఎల్‌ఈడీయే తినేస్తున్నాయనో అర్థం.

ధర లెక్క సులువే. ఒక చిప్‌కు 80 రూపాయల తేడా ఉండి 500 పరికరాలు చేస్తే తేడా 40 వేలు; తక్కువ ధర చిప్‌తో ఇద్దరు ఇంజనీర్లు అదనంగా ఒక నెల కుస్తీ పడితే ఆ లాభం మిగలదు. యాభై వేల పరికరాలైతే తీర్పు తారుమారవుతుంది.

సరఫరా మాత్రం లెక్కకు లొంగదు. 2021, 2022లలో అనేక మైక్రోకంట్రోలర్లకు ఏడాదికి పైగా నిరీక్షణ పట్టింది. దళారుల వద్ద ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి, పైన పేరు మార్చి ముద్రించిన చిప్‌లూ వచ్చాయి. రేడియో, ప్రాసెసరు కలిసి ఉన్న STM32WLE5 వంటి చిప్ స్థానంలో నేరుగా పెట్టగల మరో కంపెనీ చిప్ లేదు. విడి రేడియో, విడి ప్రాసెసరు పెడితే ధర, బోర్డు వైశాల్యం కొంత పెరుగుతాయి గాని, కరువు వచ్చినప్పుడు ప్రాసెసరునైనా మార్చుకోవచ్చు. 500 పరికరాల వద్ద నేను కలిసి ఉన్న చిప్‌నే ఎంచుకుని, మొదటి ఆర్డరులోనే రెండేళ్ల అవసరానికి సరిపడా అధీకృత పంపిణీదారు నుంచి కొంటాను. సాఫ్ట్‌వేరులో రేడియోను తాకే భాగాన్ని ఒకే ఫైలులో ఉంచుతాను. దళారి నుంచి కొనక తప్పకపోతే, వచ్చిన రీలు నుంచి కొన్ని చిప్‌లు తీసి 60 డిగ్రీల వేడిలో స్లీప్ కరెంటు కొలిచాకే డబ్బు చెల్లించాలి. పేరు మార్చిన చిప్ మామూలుగా పనిచేసినా, ఆ కొలతలో బయటపడే అవకాశం ఎక్కువ.