క్రియాటినిన్ 1.3 వెనుక దాగిన కిడ్నీ

గుండె పైగదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న ఒక పెద్దావిడను ఊహించుకుందాం. వయసు 78, బరువు 56 కిలోలు. ల్యాబ్ కాగితంలో క్రియాటినిన్ 1.3. చూసినవాళ్లు “కొంచెమే ఎక్కువుంది, పర్లేదు” అంటారు. కానీ క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కండ తగ్గిన సన్నటి వృద్ధుల్లో అది తక్కువగానే తయారవుతుంది కాబట్టి, కిడ్నీ బాగా దెబ్బతిన్నా ఆ అంకె పెద్దగా పెరగదు.

ఈ జబ్బులో గుండెలో గడ్డ కట్టి పక్షవాతం రాకుండా రక్తం పలచబరిచే మందు ఇస్తారు. దాని మోతాదు నిర్ణయించేటప్పుడు వాడాల్సింది క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీ నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తుందో చెప్పే అంచనా. 140 లోంచి వయసు తీసేసి, వచ్చినదాన్ని బరువుతో గుణించాలి. దాన్ని 72తో క్రియాటినిన్‌ను గుణిస్తే వచ్చే అంకెతో భాగించాలి. ఆడవాళ్లయితే చివర 0.85తో గుణించాలి. ఈ పెద్దావిడకు 62ను 56తో గుణిస్తే 3472, దాన్ని 93.6తో భాగిస్తే 37, 0.85తో గుణిస్తే నిమిషానికి దాదాపు 31 మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో ఇది 100 చుట్టూ ఉంటుంది. చాలా ల్యాబులు రిపోర్టులో వేసే ఈజీఎఫ్ఆర్ వేరే లెక్క, అందులో బరువు ఉండదు. ఈ మందుల పరీక్షలన్నీ పై లెక్కతోనే జరిగాయి, అందుకే మోతాదుకు దాన్నే పట్టుకోవాలి.

రక్తం పలచబరిచే పాత మందు వార్ఫరిన్‌కూ, మన దగ్గర ఎక్కువగా వాడే దాని తోబుట్టువు అసెనోకౌమరాల్‌కూ ఈ లెక్క అంత కీలకం కాదు. ఇవి కాలేయంలో విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి, అందువల్ల గడ్డ కట్టించే నాలుగు ప్రొటీన్లు సరిగా తయారు కావు. పాత ప్రొటీన్లు ఖర్చయ్యేదాకా ఆగాలి కాబట్టి పూర్తి ప్రభావానికి దాదాపు ఐదు రోజులు పడుతుంది. ఒక వారం గోంగూర, తోటకూర రోజూ తిని మరుసటి వారం మానేసినా, మధ్యలో మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్ వేసుకున్నా రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతుందో చూపే అంకె ఐఎన్ఆర్ అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని 2కీ 3కీ మధ్య నిలపడానికే నెలనెలా రక్తపరీక్ష. ఆకుకూర మానక్కర్లేదు, వారం వారం ఒకే తీరుగా తింటే చాలు.

కొత్త మందులు నేరుగా ఒక్క ప్రొటీన్‌నే పట్టుకుంటాయి. డబిగాట్రాన్ త్రాంబిన్‌ను, అపిక్సబాన్, రివరాక్సబాన్ ఫ్యాక్టర్ టెన్-ఎను ఆపుతాయి. రెండు మూడు గంటల్లో పని మొదలవుతుంది, మోతాదు స్థిరం, ఐఎన్ఆర్ అవసరం లేదు. వార్ఫరిన్‌తో పోలిస్తే మెదడులో రక్తస్రావం దాదాపు సగానికి తగ్గడమే వీటి అసలు గెలుపు. 2011లో వచ్చిన అరిస్టాటిల్ అధ్యయనంలో అపిక్సబాన్‌తో పెద్ద రక్తస్రావాలు 31 శాతం తగ్గాయి. అయితే లోహపు కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకూ, రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం బాగా కుంచించుకుపోయినవాళ్లకూ ఇవి పనికిరావు. వాళ్లకు పాత మందే. రుమాటిక్ గుండెజబ్బు ఇంకా ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఎకో చూడకుండా మందు మార్చడం ప్రమాదం.

ఇక కిడ్నీ సంగతి. డబిగాట్రాన్‌లో దాదాపు 80 శాతం కిడ్నీ గుండానే బయటికి పోతుంది. రివరాక్సబాన్‌లో మూడో వంతు, అపిక్సబాన్‌లో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. మన పెద్దావిడకు క్లియరెన్స్ 31, అంటే 30 హద్దుకు కాస్త పైన ఉంది కాబట్టి డబిగాట్రాన్ కాగితం మీద అనుమతించినట్టే కనిపిస్తుంది, కానీ రెండు రోజులు విరేచనాలు పట్టుకుంటే 30 కిందికి జారి మందు ఒంట్లో పేరుకుపోతుంది. అది ఎంచుకోకపోవడమే నయం. రివరాక్సబాన్ అయితే క్లియరెన్స్ 50 లేదా అంతకు తక్కువ కాబట్టి 20 బదులు 15 మిల్లీగ్రాములు, అదీ అన్నం తిన్న వెంటనే. పరగడుపున వేసుకుంటే సరిగా ఒంటబట్టదు.

అపిక్సబాన్‌కు లెక్క వేరు. 80 ఏళ్లు నిండడం, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా ఎక్కువ అనే మూడింటిలో రెండు ఉంటేనే 5 నుంచి 2.5 మిల్లీగ్రాములకు తగ్గిస్తారు, రోజుకు రెండుసార్లు. ఈవిడకు ఒక్కటే ఉంది, బరువు. కాబట్టి పూర్తి మోతాదే. “పెద్దావిడ కదా, సగం చాలు” అని రాయడం ఎక్కువగా జరిగే పొరపాటు. సగం మోతాదుకు పక్షవాతం నుంచి సగం రక్షణైనా ఉంటుందన్న హామీ లేదు. రెండేళ్ల తర్వాత 80 నిండిన రోజున మాత్రం రెండు షరతులూ కలిసి మోతాదు తగ్గాలి, అది ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. ఈ మూడు షరతులూ గుండె లయ జబ్బుకే. కాలి నరంలో గడ్డకు ఇదే మందు వాడేటప్పుడు వర్తించవు. క్లియరెన్స్‌ను పదితో భాగిస్తే వచ్చినన్ని నెలలకోసారి కిడ్నీ పరీక్ష చేయించాలి: ఈవిడకు మూడు నెలలు. ఉద్దానంలోలాగా కిడ్నీ జబ్బు విస్తారంగా ఉన్న చోట ఈ పరీక్ష తప్పకూడదు. మోకాళ్ల నొప్పికి షాపులో కొనే డైక్లోఫినాక్ కిడ్నీనీ దెబ్బతీస్తుంది, కడుపులో పుండూ చేస్తుంది.

రక్తం వచ్చినప్పుడు ఏం చేయాలి? ముక్కు నుంచి కారితే కూర్చుని తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని 15 నిమిషాలు వదలకుండా నొక్కాలి. తల వెనక్కి వాల్చకూడదు. ఆగిపోతే డాక్టర్‌కు ఫోన్ చేసి తర్వాతి మాత్ర సంగతి అడగాలి, సొంతంగా వారాల తరబడి మానేయకూడదు. తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నా, ఆసుపత్రికే. తారులా నల్లగా జిగటగా విరేచనం అయితే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే బయల్దేరాలి. ఐరన్ మాత్రలతోనూ నల్లగా అవుతుంది గానీ ఆ జిగటా, ఘాటైన కంపూ ఉండవు. మందు స్ట్రిప్ వెంట తీసుకెళ్లాలి, ఆఖరి మాత్ర ఎన్ని గంటలకు వేశారో చెప్పాలి.

ఆ సమయమే డాక్టర్లకు ముఖ్యం. మన పెద్దావిడ రాత్రి 8కి అపిక్సబాన్ వేసుకుని ఉదయం 8కి ఆసుపత్రి చేరితే సుమారు సగం మందు ఒంట్లో ఉంటుంది, కిడ్నీ మందగించింది కాబట్టి ఇంకాస్త ఎక్కువే. ఇక్కడ ఒక మోసం ఉంది: ఐఎన్ఆర్ మామూలుగా వచ్చినా మందు లేదని అర్థం కాదు. యాంటీ ఫ్యాక్టర్ టెన్-ఎ పరీక్షే దాన్ని కొలవగలదు. సెలైన్, అవసరమైతే రక్తం ఎక్కించి, ఎండోస్కోపీతో రక్తం కారే చోటును మూసేస్తే చాలాసార్లు సరిపోతుంది. మిగతా మందు గంటలు గడిచేకొద్దీ అదే దిగిపోతుంది. విటమిన్ కె ఇక్కడ పనిచేయదు. ప్రాణం మీదికి వస్తే ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్ కాన్సన్‌ట్రేట్ అనే ఇంజెక్షన్ సుమారు 2000 యూనిట్లు ఇస్తారు. డబిగాట్రాన్‌కు మాత్రం ఇడరుసిజుమాబ్ అనే విరుగుడుంది, 2.5 గ్రాముల సీసాలు రెండు ఇస్తే నిమిషాల్లో ప్రభావం ఆగుతుంది. డయాలసిస్‌తో డబిగాట్రాన్ పోతుంది, అపిక్సబాన్ పెద్దగా పోదు.

వార్ఫరిన్‌తో ఇలాగే రక్తం పోతే విటమిన్ కె 10 మిల్లీగ్రాములు నరంలోకి నెమ్మదిగా ఇస్తారు. దాని ఫలితానికి గంటలు పడుతుంది కాబట్టి పైన చెప్పిన కాన్సన్‌ట్రేట్ కూడా జోడిస్తారు. అది దొరకనిచోట ప్లాస్మా ఎక్కిస్తారు, కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు. ఈవిడకు 560 నుంచి 840 మిల్లీలీటర్లు అవుతుంది. బలహీనమైన గుండె అంత నీటిని తట్టుకోలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, అందుకే ఎక్కిస్తున్నంతసేపూ ఆయాసం పెరుగుతుందేమో గమనించాలి.

కడుపులో రక్తం ఆగాక, పుండు మానే మందు మొదలుపెట్టి, సాధారణంగా ఏడు రోజులు దాటాక పలచబరిచే మందు మళ్లీ ఇస్తారు. ఆ రోజు ఇచ్చే మోతాదు పాత చీటీ చూసి కాదు, ఆ రోజు క్రియాటినిన్ చూసి రాయాలి.